నాన్నకి రాసిన ఉత్తరం

అక్కలూ, పిన్నులూ, ఇది నేను మా నాన్నకి నిజంగా రాసిన ఉత్తరమే. ఫోన్లో చెబుదామని ఆరు నెలలు చూశాను. డల్లాస్‌లో నాకు రాత్రి తొమ్మిదయ్యేసరికి తెనాలిలో ఉదయం ఏడున్నర. నాన్న కాఫీ తాగి, పేపరు చదివి, తీరిగ్గా ఉంటాడు. నేను నోరు తెరిచేలోపే "ఒక మంచి సంబంధం వచ్చిందమ్మా" అంటాడు. ఇక నా మాట ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలిసేది కాదు. అందుకే కూర్చుని రాశాను. మీకు పంపిస్తానంటే నాన్న "పేర్లు తీసెయ్" అన్నాడు. తీసేశాను.

నాన్నా,

పోయిన ఆదివారం నువ్వు అడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు. "ఎవరైనా ఉంటే చెప్పు, ఆలోచిద్దాం. ఎవరూ లేనప్పుడు మేం చూసినవాణ్ణి చేసుకోడానికి నీకు అభ్యంతరం ఏమిటి?" అన్నావు. వినడానికి న్యాయంగానే ఉంది. ఎవరూ లేరు నాన్నా. అమ్మ నా ఫోటోల్లో వెనకాల నిలబడ్డవాళ్ళని పెద్దవి చేసి చూస్తోందట, ఆ శ్రమ అక్కర్లేదని చెప్పు. ఎవరూ లేకపోయినా నా భర్తని నేనే చూసుకోవాలని అనుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

మనం స్థలం కొన్న ఏడాది గుర్తుందా? ముప్పై ఏళ్ళకి ఈసీ తీయించావు. లింకు డాక్యుమెంట్లు పట్టుకుని లాయరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళావు. అన్నీ సరిగ్గా ఉన్నా అడ్వాన్సు ఇవ్వలేదు. "వానాకాలం రానీ" అన్నావు. జోరున వాన కురిసిన మర్నాడు నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్ళి, ఎక్కడ నీళ్ళు నిలబడ్డాయో, ఎటు పోతున్నాయో చూశావు. అప్పుడు కొన్నావు. ఈమధ్య నువ్వు చూపించిన అబ్బాయితో నేను మాట్లాడింది వీడియో కాల్‌లో నలభై నిమిషాలు. అందులో పదిహేను నిమిషాలు వాళ్ళ అమ్మగారు పక్కనే ఉన్నారు. మర్నాడు పొద్దున్నే నువ్వు "ఏమంటావ్?" అన్నావు. ఏమనను నాన్నా? ఆ అబ్బాయి బాగానే మాట్లాడాడు. నేనూ బాగానే మాట్లాడాను. ఆ నలభై నిమిషాలు ఇద్దరం బాగా మాట్లాడడానికే కూర్చున్నాం కదా.

ఇప్పుడు అక్క సంగతి. పెద్దమ్మ కూతురే అయినా నాకు సొంత అక్కే, అందుకే రాస్తున్నాను. పెళ్ళిచూపులకీ పెళ్ళికీ మధ్య పందొమ్మిది రోజులు. ఎందుకంటే బావకి దొరికింది మూడు వారాల సెలవు. ఆ తర్వాత మూఢం. పెద్దనాన్న పొలం ఎంతుందో కనుక్కున్నాడు, జాతకాలు చూపించాడు, బావ తాగడని ముగ్గురి చేత చెప్పించుకున్నాడు. "వీసా ఉందా?" అంటే "ఉంది" అన్నారు. ఉన్నమాట నిజమే. ఏ కాగితం ఏ దశలో ఉందో ఎవరూ అడగలేదు. ఎందుకంటే మన ఇంట్లో ఎవరికీ అడగడం తెలియదు.

అక్క ఇక్కడికి హెచ్-4 మీద వచ్చింది, అంటే భర్త హెచ్-1బి మీద ఆధారపడ్డ వీసా. దాని మీద వచ్చిన భార్య ఉద్యోగం చేయాలంటే, సాధారణంగా, భర్త గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 అనే అర్జీ ఆమోదం పొందాలి. 2015 నుంచి ఆ వెసులుబాటు ఉంది. బావ కంపెనీ ఆ అర్జీ అసలు వేయనే లేదు. విజయవాడలో ఆరేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, ఇక్కడ కూరగాయలకి కూడా బావ కార్డే అడగాలి. రెండో ఏడు ఒక కవరు పొరపాటున తను విప్పింది. క్రెడిట్ కార్డుల అప్పు, ముప్పై ఎనిమిది వేల డాలర్లు. పెళ్ళికి ముందు నుంచీ ఉంది.

బావ చెడ్డవాడు కాదు నాన్నా. ఆ మాట అక్కే అంటుంది. సిగ్గుపడి చెప్పలేదు, అంతే. కానీ ఆ పందొమ్మిది రోజుల్లో ఆ సిగ్గు పోయేంత చనువు వాళ్ళకి ఎక్కడ దొరుకుతుంది? అక్క నాతో ఒకసారి అంది, "అప్పు ఉందని తెలిసినా చేసుకునేదాన్నేమో. నన్ను అడిగి ఉండాల్సింది" అని. నాకు బావ చేసిన అప్పు కన్నా ఆ మాటే ఎక్కువ గుర్తుండిపోయింది.

"నీకు సొంత వీసా ఉంది, నీకేం భయం?" అంటావు. ఉంది. ఈ ఉద్యోగం పోతే గరిష్ఠంగా అరవై రోజుల గడువు, ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి. లేదంటే భర్త వీసా నీడలోకి మారాలి. రేపు ఆయనకే పోతే నా నీడలోకి ఆయన రావాలి. ఇక్కడ మొగుడూ పెళ్ళాం కాగితాల్లో కూడా ఒకరి మీద ఒకరు ఆనుకుని ఉంటారు. అలా ఆనుకునే మనిషి ఉద్యోగం పోయిన వారం ఎలా ఉంటాడో, నా జీతం తనకన్నా ఎక్కువైతే ఏమంటాడో, నాకు జ్వరమొస్తే అన్నం వండుతాడో లేదో నేను కళ్ళారా చూడాలి. అవి బయోడేటాలో రావు.

కులం సంగతి. నువ్వు అడగవు, అమ్మ చేత అడిగిస్తావు. అబద్ధం చెప్పను. మనవాళ్ళే కావచ్చు, కాకపోవచ్చు. నేను ముందుగా చూసేది అది కాదు. నీకు దీనివల్ల కష్టం ఉంటుందని తెలుసు. బాబాయి వాళ్ళు ఏమంటారో తెలుసు. చెల్లి సంబంధాలకి అడ్డమవుతుందేమో అని నీ భయం. ఆ భయం ఉత్తదని నేను అనను. చెల్లిని అడిగాను. "నన్ను అడ్డం పెట్టుకుని నువ్వు ఆగకు" అంది. ఆ మాట తను నీకు చెప్పలేక నాకు చెప్పింది.

నేను అడిగేది ఒక ఏడాది. ఆ ఏడాదిలో సంబంధాలు చూడడం ఆపెయ్. నేను మనుషుల్ని కలుస్తాను. ఎవరైనా నచ్చితే, నిశ్చయం చేసుకోకముందే, పేరూ ఊరూ నీకు చెబుతాను. పెళ్ళి చేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడను. అప్పులూ వీసా కాగితాలూ ఇద్దరం ఒకరివి ఒకరం చూసుకుంటాం. నువ్వు అడగాల్సినవి నువ్వూ అడుగు, నాకు తట్టనివి నీకు తడతాయి. కానీ సరే అనడం, వద్దనడం నాది.

నీ
పెద్దమ్మాయి

ఉత్తరం ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. తర్వాత నాలుగు రోజులు ఏమీ లేదు. అయిదో రోజు అమ్మ చెప్పింది, నాన్న జిరాక్స్ షాపుకెళ్ళి పెద్ద అక్షరాలు వచ్చేలా ప్రింటు తీయించుకున్నాడని, అది బ్యాంకు పాస్‌బుక్కులతోపాటు బీరువాలో పెట్టాడని. అక్క సంగతి ఉన్న కాగితం పెద్దనాన్నకి చూపించాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాడట. చూపించలేదు.

ఆరో రోజు రాత్రి తొమ్మిదికి ఫోన్ మోగింది. వాతావరణం, అమ్మ మోకాళ్ళు, కొత్త మునిసిపల్ నీళ్ళ గొట్టం, అన్నీ అయ్యాయి. సంబంధం మాట రాలేదు. పెట్టేయబోతుంటే అడిగాడు.

"ఏడాది అన్నావే. ఎప్పటినుంచి లెక్క?"

"ఇవాళ్టి నుంచి నాన్నా."

"ఉత్తరం తేదీ నుంచి వేసుకున్నాను నేను" అన్నాడు. మా నాన్న ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేశాడు. నాకు ఆరు రోజులు తగ్గాయి.