సగం ఆటలు గెలిచాను, డబ్బులు మాత్రం పోయాయి

నాన్న కాఫీ గింజలు అమ్మిన డబ్బులు నా అకౌంట్లోనే పడతాయి. ఆయనకి ఫోన్లో డబ్బు వ్యవహారాలు తెలీవు. 2025 జనవరిలో అలా పడిన వాటిలో 9,400 రూపాయలు పదకొండు రోజుల్లో పేకాట యాప్‌లో పోగొట్టాను. నేను అరకులో టూరిస్టు జీపు తోలుతాను. సీజన్ కదా, మళ్లీ సంపాదించేద్దాంలే అనుకున్నా.

ఆ యాప్ ప్లేస్టోర్‌లో ఉండదు. మన ఆంధ్రాలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2020 సెప్టెంబరులోనే నిషేధించారు. పేరున్న యాప్‌లు లొకేషన్ చూసి మనల్ని గుమ్మం దగ్గరే ఆపేసేవి. పక్కనున్న ఒడిశాలోకి వెళ్లినా చాలా యాప్‌లది అదే మాట. అందుకని మా బావ టెలిగ్రామ్‌లో దొరికిన ఒక ఏపీకే లింకు పంపాడు. అందులో రమ్మీ ఉంది, తీన్ పత్తీ ఉంది.

మొదట ఇద్దరాడే రమ్మీ ఆడాను. రోజూ సగానికి సగం గెలిచేవాణ్ని. అయినా బ్యాలెన్స్ తగ్గిపోయేది. "నువ్వు ఓడినవి మర్చిపోతున్నావ్ బావా" అన్నాడు మా వాడు. సరే అని డీజిల్ లెక్కలు రాసుకునే పుస్తకంలోనే ప్రతి ఆటా రాశాను. ఇద్దరం చెరో 100 పెడితే బల్ల మీద 200. గెలిచినోడికి వచ్చేది 170. మిగతా 30 యాప్‌ది. దీన్నే రేక్ అంటారు.

ఇరవై ఆటల్లో పది గెలిచాను. ఒక్కో గెలుపుకి 70 లాభం, అంటే 700. పది ఓటములకి 1,000 పోయింది. నాకు 300 నష్టం. నవ్వొచ్చేదేంటంటే ఎదుటోడికీ అంతే నష్టం, ఇద్దరి 600 యాప్‌కి చేరింది. ఆ కోతతో నష్టం లేకుండా బయటపడాలంటే వందలో 59 ఆటలు గెలవాలి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లోనే సుప్రీంకోర్టు రమ్మీకి నైపుణ్యం కావాలంది, మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమంది. కావచ్చు. కానీ నాలాగే ఆడేవాడి మీద వందకి 59 గెలిచే నైపుణ్యం నాకెక్కడిది?

రమ్మీలో పోయింది తీన్ పత్తీలో లాగుదామని బావా నేనూ ఒక తప్పుడు పని చేశాం. ఒకే బల్ల దగ్గర కూర్చుని, ముక్కలు వాట్సాప్‌లో చెప్పుకున్నాం. మూడోవాడు ఎవరో తెలీదు. ఒకసారి నాకు మూడు ఏడులు పడ్డాయి, బావకి చెత్త ముక్కలు. అయినా బావ పెంచుతూనే పోయాడు. తీన్ పత్తీలో ఇద్దరు మిగిలితేనే షో అడగొచ్చు. ముగ్గురున్నంతసేపూ ఆ మూడోవాడు డబ్బు పెట్టాలి, లేదా ప్యాక్ చెయ్యాలి. సైడ్ షో అడిగాడు, నేను ఒప్పుకోలేదు. మూడుసార్లు డబ్బు పెట్టి, ఆఖరికి ప్యాక్ చేశాడు. వెంటనే బావా ప్యాక్ చేశాడు.

అప్పటికి బూట్‌తో కలిపి తలా 280 పెట్టాం, మొత్తం 840. యాప్ 126 కోసుకుని నాకు 714 ఇచ్చింది. అందులో 560 మా ఇద్దరివే. వాడి 280లో మాకు దక్కింది 154. దొంగతనం చేసినా యాప్‌కి వాటా ఇచ్చుకోవాల్సిందే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మొదటి వారంలో నా బల్ల దగ్గర ఎప్పుడూ కనిపించిన రెండు పేర్లు గుర్తొచ్చాయి. ఒకడు పెంచేవాడు. నేను ప్యాక్ చేయగానే వాడూ ప్యాక్ చేసేవాడు. అచ్చం మా బావలాగే! ఒక్కసారైతే యాదృచ్ఛికం అనుకోవచ్చు. పుస్తకం తిరగేస్తే ఆ పేర్లున్న ప్రతి పెద్ద ఆటా అలాగే ముగిసింది.

వాళ్లు మనుషులో, బాట్‌లో ఇప్పటికీ చెప్పలేను. పగలైనా తెల్లవారుజాము మూడింటికైనా అదే వేగం. కష్టమైన ముక్కకీ ఒక్క క్షణం ఆలోచించేవాళ్లు కాదు. అది అనుమానమే గానీ రుజువు కాదు, చెయ్యి తిరిగినోడు కూడా అలా ఆడగలడు. యాప్‌లో ముక్కలు సరిగ్గా కలుపుతున్నామంటూ ఒక సర్టిఫికెట్ బొమ్మ ఉండేది. నిజమైనదే అనుకుందాం. అది ముక్కల కలపడం గురించి చెబుతుంది, బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో చెప్పదు. యాప్ తన బాట్‌నే కూర్చోబెడితే దానికి వాట్సాప్ కూడా అక్కర్లేదు, అందరి ముక్కలూ సర్వర్‌లోనే ఉంటాయి. ఫిర్యాదు చేద్దామంటే ఆ ఏపీకేకి అడ్రసే లేదు. మిగిలిన 640 రూపాయలు విత్‌డ్రా కొడితే ఇంకా "ప్రాసెసింగ్" అనే ఉంది.

2025 ఆగస్టులో దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. పెద్ద యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. టెలిగ్రామ్‌లో మాత్రం అదే బొమ్మతో, కొత్త పేరుతో లింకు వచ్చింది. పంపింది మా బావే. "ఇందులో కమీషన్ తక్కువంట బావా" అని రాశాడు.

డీజిల్ పుస్తకంలో ఇరవై ఆటల పేజీ ఫొటో తీసి పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి. నాన్నకి ఇంకా 3,400 ఇవ్వాలి. ఎక్కడ పోయాయో ఆయన ఇంతవరకూ అడగలేదు.