సందెదీపం గంట

పోయిన వేసవిలో ఒకరోజు మా చెల్లి వాట్సాప్‌లో ఓ పాట పంపింది. తను హైదరాబాదులో కాల్ సెంటర్‌లో పనిచేస్తుంది, మేముండే డాలస్ వైపు కస్టమర్లకే. ఇది తను సొంతంగా కట్టుకున్న పాట:

సుప్రభాత వేళ నాకు పవళింపు సేవ
కుక్కరు కూతే జోలపాట, కర్టెన్లే నా రేయి
పాప బడికి బయలుదేరితే పక్క మీద నేను
పాప కథకు ఊకొట్టే వేళ ఎవరి బిల్లో చూస్తాను
సందెదీపం వెలుగెట్లుండునో సగం మరచిపోయాను
అక్క ఫోను మోగితే మాత్రం ఆవలింత దాస్తాను

మొదటి ఐదు లైన్లకీ నవ్వుకున్నాను. ఆరో లైను దగ్గర ఆగిపోయాను.

నేను రోజూ రాత్రి ఎనిమిదింటికి, అంట్లు డిష్‌వాషర్‌లో వేసేశాక, తనకి ఫోన్ చేసేదాన్ని. వేసవిలో అక్కడ ఉదయం ఆరున్నర. "లేచే ఉంటుందిలే" అనుకునేదాన్ని. తను పడుకుని అప్పటికి అరగంటే అయ్యేదని నాకు తట్టనే లేదు.

మరుసటి ఆదివారం కూర్చుని దాని రోజంతా అడిగాను. మాకు ఉదయం ఎనిమిదంటే దానికి సాయంత్రం ఆరున్నర. మేము ఐదింటికి ఆఫీసులు మూసేస్తే దానికి తెల్లవారుజామున మూడున్నర. క్యాబు నలుగురిని దింపుకుంటూ వచ్చేసరికి ఐదు. స్నానం చేసి, ఇంత తిని పడుకునేసరికి ఆరు. ఎనిమిదింటికి పాప స్కూలు బస్సు, తర్వాత అత్తగారి మిక్సీ, గ్యాస్ బండ, కొరియర్. పదకొండింటికల్లా మెలకువ. పాప నాలుగింటికి ఇంటికొస్తుంది, నాలుగూ ముప్పావుకి మళ్ళీ క్యాబు. తల్లీ కూతుళ్ళకి మిగిలేది ముప్పావు గంట. ఆ పాట కూడా క్యాబులోనే కట్టుకుందట. కస్టమర్ల కార్డు నంబర్లు రాసుకోకుండా ఫోను, పెన్ను, కాగితం అన్నీ లాకర్‌లో పెట్టించేస్తారు మరి.

"మరి పగలు ఇంకాసేపు పడుకోవచ్చుగా?" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. బీఎస్సీలో జువాలజీ చదివినదాన్ని, నాకు తెలియాల్సిన మాట అది.

మెదడులో, కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన, చిన్న కణాల ముద్ద ఒకటుంది. ఒంటికి గడియారం అదే. కంటిలో పడే వెలుతురును బట్టి అది టైము సరిచూసుకుంటుంది. చీకటి పడితే మెలటోనిన్ ఊరుతుంది, ఒంటి వేడి కొంచెం తగ్గుతుంది, నిద్ర నిలుస్తుంది. తెల్లారితే అంతా తిరగబడుతుంది. అందుకే ఎంత అలసి పడుకున్నా పగటి నిద్ర నాలుగైదు గంటలకే తెగిపోతుంది. పోనీ గడియారాన్నే పూర్తిగా రాత్రికి మార్చేసుకుందామంటే, శని ఆదివారాలు ఇంట్లో అందరితో పాటు పగలు మేలుకోవాలి కదా. జరిగిన కాస్తా వెనక్కి పోతుంది.

నాకు తెలిసిన చిట్కాలు చెప్పాను: కిటికీలకి నల్లటి మందపు కర్టెన్లు, తెల్లవారాక బయట ఉండాల్సి వస్తే చలవ కళ్ళద్దాలు, పడుకునే ముందు ఫోను వేరే గదిలో. అన్నీ చేసింది. నిద్ర ఓ గంట పెరిగింది. "నిద్ర సంగతి సరే అక్కా, సాయంత్రాలకి ఏ కర్టెన్లు కట్టను?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పాం. ఐదున్నరకే చీకటి పడుతోందని నేను ఎప్పటిలాగే విసుక్కున్నాను. మర్నాడు చెల్లి ఒక ఫోటో పంపింది: తులసికోట దగ్గర దీపం, పక్కన పాప చేతిలో అగ్గిపెట్టె. ఇక్కడ గంట వెనక్కి జరిగితే దాని షిఫ్టు ఏడున్నరకి మొదలవుతుంది, క్యాబు ఐదూ ముప్పావుకి వస్తుంది. నవంబరులో హైదరాబాదులో పొద్దు గుంకేది ఐదూ నలభై ప్రాంతంలో. దీపం పెట్టి, పాపని ముద్దుపెట్టుకుని క్యాబెక్కిందట.

సంతోషంతో వెంటనే ఫోన్ చెయ్యబోయి, లెక్క వేసుకుని ఆగాను. ఆ గంట ఊరికే రాలేదు. షిఫ్టు గంట ఆలస్యంగా మొదలైతే గంట ఆలస్యంగానే అవుతుంది. ఇప్పుడది ఇల్లు చేరేది ఆరింటికి, పడుకునేది ఏడింటికి, బాగా వెలుతురొచ్చాక. స్కూలు బస్సు మాత్రం ఎనిమిదింటికే. అంటే సందెదీపం గంటని నిద్రలోంచి కోసుకుంది. ఆదివారం మాట్లాడినప్పుడు ఆ మాటే అంటే, "తెలుసులే అక్కా, మార్చి దాకా ఇట్లా ఉండనీ" అంది.

మార్చి రెండో ఆదివారం మేము గడియారం ముందుకి తిప్పుతాం. ఆ గంట దాని చేతిలోంచి పోతుంది. ఈలోగా నేను చెయ్యగలిగింది ఒక్కటే, చేస్తున్నాను. రాత్రి ఎనిమిదింటికి చెయ్యి ఫోను మీదికి పోయినా వెనక్కి తీసుకుంటున్నాను. మా మాటలన్నీ ఆదివారానికే. దాని పాటలో ఆ ఆరో లైను అవసరం లేకుండా పోవాలి.