ముప్పై గుంటల మక్కచేను

చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్న ఒక సంగతి ఈ వారం రాస్తున్నాము. ఇందులో మా తప్పు ఒకటి ఉంది. వాయిదాకు కారణము అదే.

నారాయణఖేడ్ దగ్గర మాకు రెండెకరాల చేను ఉంది. మాకు అంటే, చేసేది మేము, పట్టా మాత్రము హైదరాబాదులో ఉండే మా అన్నగారి పేరున. 2024 జూన్ మూడో వారములో మక్కలు వేశాము. మా గట్టుకు ఆనుకొని మా సంఘములోని ఒక అక్క ఎకరం చేను ఉంది. ఆమెకు భర్త లేడు, ఒక బర్రె ఉంది. రెండు చేన్ల కింద వాగు, వాగు పొడవునా సర్కారు తుమ్మ పొదలు. పగలంతా అడవిపందులు పండుకునేది ఆ పొదల్లోనే. కంకిలో పాలు పట్టే దాకా అవి మక్కచేను వంక పెద్దగా చూడవు. పాలు పట్టిన వాసన తగిలితే ఇక ఆగవు.

సెప్టెంబరు మొదటి వారములో ఒక సోమవారం రాత్రి అక్క చేనులో పడ్డాయి. పొద్దున్నే ఆమె ఏడ్చుకుంటూ వచ్చింది. పోయి చూస్తే అరెకరానికి పైగా పండబెట్టేశాయి. ప్రార్థన చేసి, మాకు తోచిన సలహా చెప్పాము. "అక్కా, పడ్డ మక్క రెండు రోజులైతే కుళ్ళిపోతది. ఇయ్యాలనే కోసి బర్రెకు వెయ్యి, గడ్డన్న దక్కుతది." ఆమె మా మాట విని సాయంత్రానికల్లా పడ్డదంతా కోసి ఇంటికి చేర్చింది.

ఆ రాత్రే అవి మా చేనులోకి వచ్చాయి.

బుధవారం పొద్దున మేము కూడా కొడవళ్ళు పట్టుకునే బయలుదేరాము. దారిలో ఏఈఓకు ఫోన్ చేశాము. ఆయన మొదటి మాట, "ఏం ముట్టకుండ్రి పాస్టర్ గారు. ఫారెస్టోళ్లు వచ్చి చూసేదాక చేను ఎట్లున్నదట్లనే ఉండాలె." ఆ మాటతో మా గుండె జారింది. మా చేను గురించి కాదు.

పంటను ఏ జంతువు పాడుచేసిందో చేనే చెబుతుంది. అది చదవడము ఆ నాలుగు రోజుల్లోనే నేర్చుకున్నాము. చిలుకలైతే నిలబడ్డ కర్రమీదే కంకి కొస చీల్చి గింజలు తింటాయి. కోతులు కంకిని విరిచి, నాలుగు కొరుకులు కొరికి పారేస్తాయి, చాలా కర్రలు నిలబడే ఉంటాయి. పంది కర్రను మొదటి నుంచి పడదోస్తుంది, కంకిని పొట్టుతో సహా నమిలి, పిప్పిని ముద్దలుగా ఉమ్మేస్తుంది. అడుగు చూస్తే రెండు గిట్టల గుర్తు, దాని వెనుక అటూ ఇటూ కాస్త ఎడంగా రెండు చిన్న చుక్కలు. ఆ వెనుక చుక్కలు మేక అడుగులో సాధారణంగా కనబడవు. గట్టుమీది తుమ్మ మొద్దుకు బురద పూసి ఉంది, దానిలో రెండు గట్టి వెంట్రుకలు.

మబ్బు పట్టి ఉంది. వాన పడితే అడుగులు పోతాయని మంచిగా పడ్డ నాలుగింటి మీద తట్టలు బోర్లించి రాళ్ళు పెట్టాము. జీపీఎస్ కెమెరాతో ఫోటోలు తీశాము. ముందు చేను మొత్తము కనబడేలా, తరువాత పడ్డ చోటు, ఆఖరుకు అడుగు పక్కన అగ్గిపెట్టె పెట్టి దగ్గరగా. తేదీ, స్థలము ఫోటో మీదే పడతాయి.

నష్టము ఎంతో మేమే కొలుచుకున్నాము. గుంట అంటే 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు. అంత పొడవు తాడు తెంపుకొని పడ్డ చోటంతా తిరిగాము. వాగు వైపు పెద్ద మడి మూడు తాళ్ళు ఇటు, ఆరు తాళ్ళు అటు వచ్చింది. అంటే 18 గుంటలు. మధ్యలో చెదురుమదురుగా పడ్డవన్నీ కలిపితే ఇంకో 12. మొత్తము ముప్పై గుంటలు.

కొలుస్తుంటే పక్క చేను తమ్ముడు వచ్చి గట్టుమీద కూర్చున్నాడు. "ఎందుకన్నా గంత కష్టం? రెండెకరాలు అని రాయుండ్రి. వాళ్ళేమన్న తాడేస్తరా?" ఇంకో మాట కూడా అన్నాడు. చేను చుట్టూ తీగ కట్టి రాత్రి కరెంటు పెడితే ఈ బాధే ఉండదట. రెండో మాటకు గట్టిగానే కోప్పడ్డాము. ఆ తీగకు పంది కంటే ముందు నీళ్ళు పెట్టడానికి వచ్చిన మనిషి తగులుతాడు. అలా పోయినవారిని ఊళ్ళలో చూస్తూనే ఉన్నాము కదా. మొదటి మాటకు మాత్రము వెంటనే జవాబు రాలేదు. దాచడమెందుకు, ఆ రాత్రి ఇంట్లో ఇద్దరమూ దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నాము. ముప్పై అనే రాశాము.

దరఖాస్తు మా పేరున చెల్లదన్నారు. పాసుబుక్కు ఎవరిదో వారే పెట్టాలి, డబ్బు కూడా వారి ఖాతాలోనే పడుతుంది. అన్నగారు గురువారం బస్సుకు వచ్చి సంతకము చేశారు. తెల్ల కాగితము మీద సర్వే నంబరు, పంట పేరు, విత్తిన వారము, పందులు పడ్డ రాత్రి, పోయిన గుంటలు రాసి, పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకము నకళ్ళు, ఫోటోలు జతచేసి రేంజ్ ఆఫీసులో ఇచ్చాము. తీసుకున్నట్టు నకలు మీద ముద్ర వేయించుకున్నాము. మాది సొంత మనిషి పట్టా కాబట్టి గడిచింది. కౌలుకు చేసేవారికి పట్టాదారు వచ్చి సంతకము పెట్టకపోతే పంట పోయినా కాగితము కదలదు.

శుక్రవారం బీటు ఆఫీసరు, ఏఈఓ కలిసి వచ్చారు. తట్టలు తీసి అడుగులు చూపించాము. పిప్పి ముద్దలు చూశారు, పెద్ద మడిని తాడుతో తిరిగి కొలిచారు. పంచనామా రాసి, గట్టు పక్కవారిని సాక్షులుగా పెట్టారు. ముప్పై గుంటలకు ముప్పై రాశారు.

తరువాత అక్క చేనుకు నడిచాము. అక్కడ కొయ్యకాళ్ళు తప్ప ఏమున్నాయి? ఆయన మంచిగానే మాట్లాడారు. "అమ్మా, నువ్వు అబద్ధం చెప్తలేవని నాకెరుకే. కానీ కోసిన చేను చూసి పంది అని ఎట్ల రాయాలె?" గట్టు మూలన కోయకుండా మిగిలిన అయిదు గుంటలు చూసి అవే రాసుకున్నారు. ఆమె ఏమీ అనలేదు, మా వైపు చూడను కూడా లేదు.

నిర్గమకాండము 22వ అధ్యాయములో, ఒకరి దగ్గర ఉంచిన పశువును మృగము చీల్చితే, మిగిలినదాన్ని తెచ్చి సాక్ష్యముగా చూపమని ఉంది. ఎన్నిసార్లు చదివామో, బోధించాము కూడా. సోమవారం రాత్రి చీల్చబడినదాన్ని మంగళవారం కోయించింది మేమే.

ఎకరాకు ఆరు వేల లెక్క కట్టారు. మా ముప్పై గుంటలకు 4,500. అక్క అయిదు గుంటలకు 750. ఎకరాకు 18 క్వింటాళ్ళు వచ్చేవనుకుంటే మాకు పోయినవి పదమూడున్నర క్వింటాళ్ళు. ఆ ఏడు మద్దతు ధర 2,225 రూపాయలు, అంటే ముప్పై వేలకు కొంచెము పైనే. పరిహారము విత్తనము, ఎరువు ఖర్చుకు కొంత ఆసరా, అంతే. అందుకని దాన్ని వదులుకోలేము. అక్కకు ఆ ఆసరా కూడా మా మాట వల్లే పోయింది. మా డబ్బు వచ్చినప్పుడు అందులో సగము తీసుకెళ్ళి ఇచ్చాము. రెండుసార్లు వద్దని, మూడోసారి తీసుకుంది. తరువాతి ఆదివారం ఆరాధనకు రాలేదు. ఆపై వారం వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

పోయిన వానాకాలం మళ్ళీ మక్కలే వేసింది. ఒకరోజు తెల్లవారక ముందే ఫోన్. "అన్నా, పందులు పడ్డయి. నేనేం ముట్టలే. తట్టలు గూడ బోర్లేసిన. నువ్వు ఆ ఫోటోల ఫోన్ పట్టుకొని రా."