ఇది ఏ రకం లెక్క?

మేళ్లచెరువు వారికి సున్నపురాయిని పరిచయం చేయనక్కరలేదు. మా ప్రాంతపు సిమెంటు కర్మాగారాలు దానిమీదే నడుస్తున్నాయి. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే మా అమ్మాయిని రసాయనశాస్త్రంలో తడబెట్టింది కూడా ఆ రాయే. ఇంట్లో ఒకే రకం లెక్కలు వరుసగా ఇరవై చేసి, అన్నింటికీ సరైన జవాబులు రాబట్టిన పిల్ల, అర్ధ సంవత్సర పరీక్షలో ఈ ఒక్కటి తప్పింది: 50 గ్రాముల కాల్షియం కార్బోనేటుపై, 18.25 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పోస్తే ఎన్ని గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది?

ఆమె 22 అని రాసింది. రాయి మొత్తం కరిగితే వచ్చేది అంతే.

CaCO₃ + 2HCl → CaCl₂ + H₂O + CO₂

ఒక మోలు రాయికి రెండు మోల్‌ల ఆమ్లం కావాలి. ఇక్కడ రెండూ అర మోలు చొప్పునే ఉన్నాయి. అందువల్ల ఆమ్లం ముందే అయిపోతుంది, 25 గ్రాముల రాయి మిగిలిపోతుంది, వెలువడే వాయువు 11 గ్రాములే.

"అబ్బా, ఆమ్లం బరువు ఎందుకిచ్చారో నాకు తట్టనే లేదు" అన్నది. లోపమెక్కడో మాకప్పుడు బోధపడింది. లెక్క చేయడం ఆమెకు వచ్చు, ఏ రకమో పోల్చుకోవడమే రాలేదు. ఇరవై లెక్కలు వరుసగా చేసినప్పుడు ఆ పోల్చుకునే పని మొదటిదానితోనే ముగిసిపోతుంది కదా!

ఆమె నోటుపుస్తకంలో లెక్కలు పదార్థాల పేర్లతో విభజించి ఉన్నాయి. వాటిని ఏమిచ్చారు, ఏమడిగారు అన్నదాన్నిబట్టి మార్పించాము. బరువు నుండి బరువు, బరువు నుండి వాయు ఘనపరిమాణం, మలినాలున్న నమూనా, రెండు పదార్థాల బరువులూ ఇచ్చినవి. సున్నపురాయి ఈ నాలుగింటిలోనూ కనిపిస్తుంది.

ఒక్కో లెక్కను ఒక్కో చీటీపై రాయించాము. ఫజ్ర్ నమాజు తరువాత రోజుకు ఆరు చీటీలు. సోమవారం మొదటి రెండు రకాలు, మంగళవారం రెండవది, మూడవది, బుధవారం మూడవది, నాలుగవది, గురువారం నాలుగవది, మొదటిది. శుక్రవారం కొత్తవి లేవు, తప్పినవే మళ్లీ. శనివారం నాలుగు రకాలూ కలిపి తీయాలి. లెక్క మొదలుపెట్టే ముందు రకం పేరు, దాన్ని ఎలా గుర్తించిందీ ఒక వాక్యంలో రాయాలి.

మొదటి రెండు వారాలు తప్పులు పెరిగాయి, ఇంట్లో అందరమూ కంగారుపడ్డాము. అమెరికాలో రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన గణిత ప్రయోగంలోనూ ఇదే కనిపించింది. కలగలిపి చేసినవారు అభ్యాసంలో వెనుకబడ్డారు, వారం తరువాతి పరీక్షలో మాత్రం 63 శాతం సాధించారు. ఒకే రకం వరుసగా చేసినవారికి వచ్చింది 20 శాతమే. అయితే బొత్తిగా కొత్త రకాన్ని వెంటనే కలపరాదు. దాని మెట్లు చేతికి వచ్చేదాకా నాలుగైదు లెక్కలు వరుసగానే చేయాలి.

మొన్న శనివారం వచ్చిన చీటీ: 90 శాతం శుద్ధమైన 200 గ్రాముల సున్నపురాయిని పూర్తిగా కాల్చితే ఎంత సున్నం వస్తుంది? 112 గ్రాములని రాసి, తానే ఆగి, మలినాలు 20 గ్రాములు తీసివేసి, 180 గ్రాములకు లెక్కకట్టి 100.8గా దిద్దుకుంది. దిద్దుకున్నా సరే, ఆ చీటీని మంగళవారపు కట్టలో తిరిగి పెట్టాము.