మంజూరు పత్రం – నాలుగు పంక్తులు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ సమీపంలో టిఫిన్ హోటలు నడిపే తెలుగు మిత్రులొకరు బ్యాంకు మంజూరు పత్రాన్ని మా చేతికిచ్చి, "ఆరు నెలలు ఏమీ కట్టనక్కరలేదటండీ!" అని సంబరపడ్డారు. మేము దాని సారాంశాన్ని తెలుగులో వ్రాసి ఇచ్చాము.

మొత్తం: 5 లక్షలు, ముందుగా తన వాటా లక్ష చెల్లించాలి.
వడ్డీ: సాలుకు 12 శాతం, మారవచ్చు.
చెల్లింపు: ఆరు నెలల తరువాత 50 వాయిదాలు, నెలకు అసలు 10,000, వడ్డీ అదనం.
షరతులు: సొమ్ము నేరుగా యంత్రాల విక్రేతకే, బీమా తప్పనిసరి.

మూడవ పంక్తికి మేమొక వివరణ చేర్చాము. పత్రం ప్రకారం విరామం అసలుకు మాత్రమే. సొమ్ము పూర్తిగా విడుదలైన నాటి నుండి వడ్డీ నెలకు 5,000 కట్టవలసిందే. ఏడవ నెలలో మొత్తం 15,000. అక్కడి నుండి అసలు తరిగేకొద్దీ వడ్డీ తగ్గుతుంది.

ఆయన ముఖం చిన్నబోయింది. ఆ ఆరు నెలల రాబడితో మరో దుకాణానికి బయానా ఇవ్వదలచారట. "సంతకానికి ముందే తెలిసింది" అంటూ ఆ ఆలోచన విరమించుకున్నారు.