ఉస్మాన్‌గంజ్ నుంచి కర్నూలు దాకా ఒక కిరాయి

మూసీకి ఉత్తరపు గట్టున అఫ్జల్‌గంజ్ ఉంది. అయిదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా ధాన్యం వ్యాపారులకిచ్చిన నేల అది. ఆ పక్కనే బేగంబజారు, ఉస్మాన్‌గంజ్. ఈ మూడింటి సందుల్లో పప్పు బస్తాలు, స్టీలు సామాన్లు, ప్లాస్టిక్ బకెట్లు రోజంతా చేతులు మారుతుంటాయి. ఇక్కడి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కూర్చుంటే నిమిషానికో బేరం వినిపిస్తుంది: ఎన్ని టన్నులు, ఎక్కడికి, ఎంతకి.

మనం ఒక్క బేరాన్నే పట్టుకుని దాని వెంట పోదాం. పదహారు టన్నుల కందిపప్పు కర్నూలు చేరాలి. దూరం 210 కిలోమీటర్లని లెక్కకు పెట్టుకుందాం. టన్నుకు, కిలోమీటరుకు 4 రూపాయల రేటు కుదిరిందనుకుందాం. లోడింగు టన్నుకు 150. రేట్లు రోజురోజుకీ మారతాయి కాబట్టి ఇవి ఉదాహరణ అంకెలే, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

మొత్తం ఖర్చు = టన్నులు × కిలోమీటర్లు × రేటు + లోడింగు

16ను 210తో, దాన్ని 4తో గుణిస్తే 13,440, ఇది కిరాయి. లోడింగు 2,400. మొత్తం 15,840 రూపాయలు, అంటే టన్నుకు 990. గుమస్తా కాలిక్యులేటరు మీద ఇది అరనిమిషం పని. కానీ ఈ నాలుగు అంకెల్లో ఒక్కోటి దారిలో ఒక్కో చోట తేలుతుంది. అన్నిటికన్నా చిన్నదిగా కనిపించే ఆ 4 రూపాయలు తేలేది అన్నిటికన్నా దూరంలో.

ముందు లోడింగు సంగతి. పగటిపూట నగరంలోకి భారీ లారీలను రానివ్వరు. రాత్రి వచ్చినా ఉస్మాన్‌గంజ్ సందుల్లో పది టైర్ల బండి తిరగడం కష్టం. అందుకని గోదాము నుంచి బస్తాలు ట్రాలీ ఆటోల్లోనో చిన్న బండ్లలోనో బయల్దేరతాయి. అవి పురానాపూల్ దగ్గర మూసీ దాటతాయి. పాత వంతెనను కట్టించింది ఇబ్రహీం కులీ కుతుబ్ షా, 1578లో. అక్కణ్ణుంచి బహదూర్‌పురా, జూపార్కు. జూపార్కు నుంచి ఆరాంఘర్ దాకా 2025 జనవరిలో ఫ్లైఓవర్ తెరిచారు, ఆ ముక్క ఇప్పుడు తేలిగ్గా గడుస్తుంది. ఆరాంఘర్ అవతల కాటేదాన్ వైపు పెద్ద లారీ నిలబడి ఉంటుంది.

అక్కడ ప్రతి బస్తా మళ్లీ ఒకసారి మనిషి వీపెక్కాలి. గోదాము దగ్గర ఒక ఎత్తుడు, ఇక్కడ ఇంకో ఎత్తుడు. టన్నుకు 150 అని మాట్లాడుకున్న హమాలీ రెండుసార్లు పడితే 2,400 కాస్తా 4,800 అవుతుంది. చిన్న బండ్ల కిరాయి దీనికి అదనం. పాతబస్తీ సరుకు లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే. ‘లోడింగు ఎంత’ అని అడిగి ఊరుకుంటే చాలదు, ఎన్నిసార్లు ఎత్తాలో, లారీ ఎక్కడ నిలబడుతుందో కూడా అడగాలి. ఈ డబ్బు లారీ యజమానికి చేరదు, హమాలీలది. కాబట్టి బేరం ఆడి రేటు తగ్గించుకున్నంత మాత్రాన ఇది తగ్గదు.

బస్తాలెక్కాక బండి కాటా మీదికి పోతుంది. ఖాళీ బండిని ముందే తూచి ఉంచుతారు. నిండు బండి బరువులోంచి ఆ బరువు తీసేస్తే మిగిలేది సరుకు. యాభై కిలోల బస్తాలు 320 అయితే పదహారు టన్నులు. కాటా చిట్టీలో అచ్చంగా పదహారు రాదు. గోనెసంచి ఒక్కోటి అరకిలోకి కాస్త ఎక్కువే తూగుతుంది కాబట్టి అన్నీ కలిపి ఇంకో 190 కిలోల దాకా వస్తుంది. అది న్యాయమైన తేడా, కిరాయిలో దాని భారం 160 రూపాయలు. అదే చిట్టీ మీద 16.9 టన్నులని ఉంటే మాత్రం ఆగి చూడాలి. ఖాళీ బండిని వేరే కాటా మీద తూచి ఉండొచ్చు, లేదా అప్పటికి డీజిల్ ట్యాంకు ఖాళీగా ఉండి ఆ తర్వాత నింపి ఉండొచ్చు. బస్తాలు లెక్కపెట్టి బరువుతో గుణిస్తే తప్పు ఎక్కడుందో పట్టుబడుతుంది.

బరువుకు పైన ఒక హద్దుంది. 2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచాక, పది టైర్ల బండి సరుకుతో కలిపి 28.5 టన్నులు ఉండొచ్చు. బండి బరువు తొమ్మిది, పది టన్నులు పోతే సరుకుకు మిగిలేది పద్దెనిమిది, పంతొమ్మిది. మన పదహారు టన్నులు అందులో సుఖంగా ఇముడుతాయి. అదే బండి మీద ఇరవై రెండు టన్నులు వేసి టన్ను రేటు తగ్గిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా రాసి ఉంది. ఎక్కువైన సరుకును దింపే ఖర్చు వేరే.

కింద కూడా ఒక హద్దుంది, అది చట్టంలో ఉండదు, బేరంలో ఉంటుంది. బేగంబజారు బకెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు ఎక్కిస్తే అయిదు టన్నులకే బండి నిండిపోతుంది. అయిదు టన్నుల లెక్కన కర్నూలు కిరాయి 4,200 రూపాయలు. పోయి రావడానికి అయ్యే డీజిల్‌లో అది సగం. అందుకే తేలిక సరుకుకు ‘గ్యారంటీ’ బరువు అడుగుతారు. కాటా ఎంత చూపించినా పద్నాలుగు టన్నులకు కట్టాలంటే కిరాయి 11,760. అమ్మేవాడికి అన్యాయంగా తోచినా, బండిలో చోటంతా వాడుకున్నది అతని సరుకే.

ఇక 44వ నంబరు జాతీయ రహదారి. శంషాబాద్ దాటితే షాద్‌నగర్. ఆ పదహారు టన్నులే ఇక్కడ దింపితే ఏమవుతుందో చూద్దాం. యాభై కిలోమీటర్లకు అదే రేటు వేస్తే కిరాయి 3,200, లోడింగు మళ్లీ 2,400. మొత్తం ఖర్చులో నూటికి 43 రూపాయలు బస్తాలెత్తడానికే పోతాయి. కర్నూలుకైతే నూటికి 15. ఇదే దారిన బెంగళూరు దాకా 570 కిలోమీటర్లు పోతే నూటికి 6. దూరం పెరిగేకొద్దీ లోడింగు కరిగిపోతుంది, ఎందుకంటే అది కిలోమీటర్లను ఎరగదు.

కిలోమీటర్లను ఎరగని ఖర్చు లారీకి కూడా ఉంది. కాటేదాన్‌లో నిలబడ్డ పూట, కాటా దగ్గర వరస, దింపేచోట ఎదురుచూపు, ఇవి షాద్‌నగర్‌కైనా బెంగళూరుకైనా ఇంచుమించు ఒకటే. అందుకే షాద్‌నగర్‌కు 4 రూపాయలకు ఏ బండీ రాదు, దగ్గరి ఊళ్లకు టన్ను కిలోమీటరు రేటు ఎప్పుడూ ఎక్కువే. కర్నూలు రేటు చూపించి షాద్‌నగర్ బేరమాడడం కుదరదు. షాద్‌నగర్ రేటుకు బెంగళూరు కిరాయి కట్టడం నష్టం.

షాద్‌నగర్ దాటాక రాయకల్ టోల్‌గేటు. జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా దారి దక్షిణానికి దిగుతుంది. మధ్యలో శాఖాపూర్ దగ్గర ఒక టోలు, కర్నూలు ముందు పుల్లూరులో మరొకటి. 4 రూపాయల రేటు దేనికి ఖర్చవుతుందో ఈ దారి పొడుగునా కనిపిస్తుంది. నిండు బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు, ఖాళీ బండి ఆరు ఇస్తుందనుకుందాం. పోవడానికి 52 లీటర్లు, ఖాళీగా తిరిగి రావడానికి 35. లీటరు 96 రూపాయల లెక్కన దాదాపు 8,400. 13,440లోంచి అది పోతే అయిదు వేలు మిగులుతాయి. రెండు వైపుల టోలు, డ్రైవరు బత్తా, టైర్ల అరుగుదల, బండి కిస్తీ అన్నీ అందులోంచే. “రిటర్న్ లోడు దొరక్కపోతే నాకేం మిగలదు సేఠ్” అని డ్రైవరు అంటే ఆ మాట ఈ లెక్కలోంచి వచ్చిందే.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటతాం. 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు ఈ దారి తెగిపోయింది. వరద సంగతి వేరు, మామూలు రోజున దారిలో సరుకు తడిసినా పోయినా పరిహారం ఎంతన్న ప్రశ్నకు జవాబు కూడా కిరాయి అంకెలోనే ఉంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద 2011లో వచ్చిన నియమాల ప్రకారం, సరుకు విలువ ఎక్కువని ముందే ప్రకటించి అదనపు రేటు కట్టకపోతే, రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు. మన కిరాయి 13,440 కాబట్టి హద్దు 1,34,400. కిలో వంద రూపాయలనుకున్నా పదహారు టన్నుల కందిపప్పు విలువ పదహారు లక్షలు. పన్ను కలిసొస్తుందని బిల్టీ మీద కిరాయి తక్కువ రాయించుకునేవాళ్లు తగ్గించిన ప్రతి రూపాయికీ తమకు రావాల్సిన పరిహారం హద్దును పది రూపాయలు తగ్గించుకుంటున్నారు. బిల్టీ మీద అసలు కిరాయి, అసలు విలువ రాయించాలి. విలువ పెద్దదైతే బీమా విడిగా చేయించాలి.

ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తా దాటి తుంగభద్ర వంతెన ఎక్కితే రాష్ట్రం మారుతుంది, కర్నూలు వస్తుంది. దింపుడు కూలి ఇక్కడ కొన్నవాడిదా పంపినవాడిదా అన్నది హైదరాబాదులోనే తేల్చుకుని ఉండాలి. బండి రోజంతా నిలబడితే హాల్టింగు పడుతుంది. సరుకు అందిందని సంతకం పెట్టిన బిల్టీ వెనక్కి పోతేనే బ్యాలెన్సు చేతికొస్తుంది.

ఆ 4 రూపాయలు తేలేది కర్నూలులోనే. ఇక్కడి మార్కెట్‌యార్డుకు ఉల్లి దండిగా వచ్చే రోజుల్లో హైదరాబాదుకు లోడు సులువుగా దొరుకుతుంది. బేతంచెర్ల బండలు, నంద్యాల వైపు సిమెంటు కూడా ఉత్తరానికి పోవాల్సిన సరుకే. వెనక్కి లోడు ఉందని తెలిసిన డ్రైవరు కర్నూలుకు మూడున్నరకు కూడా వస్తాడు, మన పప్పు మీద 1,680 రూపాయలు తగ్గుతాయి. యార్డు ఖాళీగా ఉన్నప్పుడు అతనే నాలుగున్నర అడుగుతాడు, అంతే పెరుగుతాయి. అది డ్రైవరు మొండితనం కాదు, తిరుగు ప్రయాణం ఖర్చు. కాబట్టి బేరానికి ముందు ఉస్మాన్‌గంజ్ వ్యాపారి ఒక ఫోను కర్నూలుకు చేయాలి. సరుకు తీసుకునేవాడు మర్నాడు అక్కడ ఉల్లో సిమెంటో చూపించగలిగితే, కాలిక్యులేటరు మీద ఎంత బేరమాడినా తగ్గని రేటు తగ్గుతుంది.