ఖాళీ జాగాకూ హిసాబ్ ఉంది

మా భాంజీ రష్యాలో డాక్టరీ చదివి వచ్చింది. ఇక్కడి ఇమ్తిహాన్‌కు చదువుకుంటూ ఖర్చులకని తర్జుమా పని పట్టింది. మొన్న చలికాలంలో ఎనుమాముల మార్కెట్ మిర్చి సేఠ్ ఒకాయన రష్యన్ కాంట్రాక్టు ఇచ్చి, పొద్దుగాల కల్లా ఇంగ్లిషులో కావాలన్నాడు. పేజీకి 400 అనుకున్నరు. "తెలిసినాయనే బేటీ, పైసల ముచ్చట తర్వాత చూద్దాం" అన్నది నేనే. ఆ గల్తీ నాది.

రాత్రంతా కూసొని చేసింది. సేఠ్ 13 పేజీలకు 5,200 ఇచ్చాడు. ఆమె లెక్క 15 పేజీలు.

ఫర్క్ ఎక్కడొచ్చింది? రష్యన్ తర్జుమాలో పేజీ అంటే కాగితం కాదు, 1800 అక్షరాలు. టైపు మిషన్ కాలపు కొలత: వరసకు 60 చొప్పున 30 వరసలు. పదాల మధ్య ఖాళీలూ అందులోనే లెక్క. వర్డ్‌లో Word Count తెరిస్తే Characters (with spaces) దగ్గర 27,000 ఉంది. అంటే 15 పేజీలు. సేఠ్ గుమాస్తా దాని పైనున్న no spaces వరస చూశాడు. అక్కడ 23,500. రెండూ నిజమే. ఏది పట్టాలో ముందు రాసుకోకపోవడమే తప్పు.

లెక్క మూలం మీదా, తర్జుమా మీదా అన్నదీ రాయాలి. రష్యన్‌లో a, the లాంటివి లేవు, అందుకే ఇంగ్లిషులో పదాలు పెరుగుతాయి. మూలం మీద లెక్కిస్తే పని మొదలుకాకముందే రకం ఇద్దరికీ తెలుస్తుంది. స్కాన్ కాగితమైతే వర్డ్ లెక్కించదు. అప్పుడు తర్జుమా మీదే లెక్కని ముందే ఒప్పుకోవాలి.

ఇక జల్దీ పని. ఆమె రోజుకు బాగా చేయగలిగేది 8 పేజీలు. 15 పేజీలంటే రెండు రోజులు, మళ్లా చదువుకోవడానికి ఇంకో రోజు. ఒక్క రాత్రిలో అంటే నిద్రా, ఆ రెండో చదువూ రెండూ పోయినట్టే. సగం ఎక్కువ అడగడం లాలచ్ కాదు. 6,000కు 3,000 కలిపి 9,000 రావాల్సింది. అడగకుండా చేసి, తర్వాత అడిగితే ఎవరిస్తారు?

నేనూ లైన్ అకౌంట్ విలేకరిగా బతికినవాణ్నే. రాసినదానికి కాదు, అచ్చయినదానికే పైసలు. ఆ చేదు తెలిసీ పిల్లకు చెప్పలేదు.

వారం తర్వాత సేఠ్ మళ్లీ ఫోన్: "జర కరెక్షన్ ఉంది." చూస్తే రష్యా వాళ్లు తేమ షర్తునే మార్చి కొత్తగా రాశారు. 2,700 అక్షరాలు.

"మామూ, ఇది నా గల్తీ కాదు గదా?"

"కాదు బేటీ. నీ తప్పుంటే ముఫ్త్‌గా దిద్దు, వారం దాకా. మూలమే మారితే కొత్త పని."

ఈసారి ముందే రాసి పంపింది: మూలం మీద లెక్క, ఖాళీలతో సహా, పేజీన్నర, 600 రూపాయలు, ఎల్లుండి సాయంత్రం, రేపే కావాలంటే 900.

సేఠ్ గొణిగాడు. ఎల్లుండికే ఒప్పుకొని 600 పంపాడు. పోయిన 3,800 సంగతి ఆమె ఎత్తలేదు. నేనే ఇంకా మరవలేదు.